మా షీట్లలో హెడర్ తప్పు పడింది

"స్టేట్‌మెంట్ పీడీఎఫ్ పంపాను కదండీ, మళ్ళీ చెక్ లీఫ్ దేనికి? ఇదివరకు పొద్దున ఇస్తే సాయంత్రానికి ఫైలు చేతికొచ్చేది, ఇప్పుడు రెండు రోజులంటున్నారు."

ఈమధ్య చాలామంది కస్టమర్లు ఇలా అడుగుతున్నారు. బ్యాంక్ స్టేట్‌మెంట్ల నుంచి లోన్ ఫైళ్లకు సమ్మరీ షీట్లు చేసిచ్చే మా ఆఫీసులోనే తప్పు జరిగింది. అది బయటివాళ్ల నోట మీకు తెలియకూడదని నేనే రాస్తున్నాను.

గుంటూరులో ఒక బట్టల వ్యాపారి మనకు పాత కస్టమర్. ఇంకో బ్యాంకులో లోన్ కోసం ఆయన ఫైలు మనమే తయారు చేశాం. నాలుగో రోజు ఆ బ్యాంకు దాన్ని తిప్పి పంపింది. లావాదేవీల లెక్కల్లో తేడా ఏమీ లేదు. మన సమ్మరీ షీట్ పైభాగం, అంటే బ్రాంచి, చెక్కు మీద ఉండే ఎంఐసీఆర్ కోడ్, అకౌంట్ రకం ఉండే లైన్లు, ఆయన చెక్ లీఫ్‌తో కలవలేదు. పద్నాలుగేళ్లలో హెడర్ తప్పని మన ఫైలు ఒక్కటీ వెనక్కి రాలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆయనది ఒకప్పటి ఆంధ్రా బ్యాంక్ ఖాతా. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంక్‌లో కలిసింది. ANDB0తో మొదలయ్యే ఐఎఫ్‌ఎస్‌సీ పోయి UBIN08తో మొదలయ్యేది వచ్చింది. దాంతోపాటు ఎంఐసీఆర్ కూడా మారింది. ఎంఐసీఆర్‌లో ఉండేది తొమ్మిది అంకెలు: మొదటి మూడు ఊరు, మధ్య మూడు బ్యాంకు, చివరి మూడు బ్రాంచి. గుంటూరుకి 522. ఆంధ్రా బ్యాంక్‌కి 011, యూనియన్ బ్యాంక్‌కి 026. ఆయన పీడీఎఫ్‌లో 522026 అని మొదలయ్యే నంబరు స్పష్టంగా ఉంది. మన షీట్‌లో మాత్రం 522011 అని పడింది. ఆయనది క్యాష్ క్రెడిట్, అంటే వ్యాపారానికి బ్యాంకు అప్పిచ్చే ఖాతా. షీట్‌లో మాత్రం సేవింగ్స్ అని వచ్చింది. సేవింగ్స్ ఖాతాలో నెలనెలా మైనస్ బ్యాలెన్స్ కనిపిస్తే ఏ లోన్ ఆఫీసరైనా కాగితాలు దిద్దారనే అనుకుంటాడు. ఆ ఆఫీసర్ని నేను తప్పు పట్టను.

ఇదెలా జరిగిందో తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. పీడీఎఫ్‌ని ఎక్సెల్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్ మనం బయట కొన్నదే. లావాదేవీలను అది పీడీఎఫ్ నుంచే చదువుతుంది, హెడర్‌ని మాత్రం చదవదు. బ్రాంచి పేరు పట్టుకుని, తన దగ్గరున్న పాత పట్టిక నుంచి ఎంఐసీఆర్ తెచ్చి నింపుతుంది. అకౌంట్ రకం దొరక్కపోతే సేవింగ్స్ అని రాసేస్తుంది. ఆ తర్వాత "సరిచూశాం" అంటూ పచ్చ టిక్ పెడుతుంది. ఆ సరిచూడటం దేంతో? మళ్ళీ అదే పట్టికతో. తన మాటని తనతోనే పోల్చుకుంటే తేడా ఎందుకొస్తుంది? ఆ పచ్చ టిక్‌ని నమ్మి మా ఆఫీసు పిల్లలు ఫైళ్లు పంపారు, నేను సంతకం పెట్టాను.

అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే "పట్టిక అప్‌డేట్ వచ్చే నెల వస్తుంది సార్" అన్నారు. పట్టిక కొత్తదైనా పద్ధతి అదే కదా అని అడిగాను. "హెడర్ ఎవరూ చూడరు సార్" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటోంది. ఈ ఏడాది డబ్బు ముందే కట్టేశాను, తిరిగి ఇచ్చేది లేదన్నారు. అయినా సరే, హెడర్ విషయంలో ఆ సాఫ్ట్‌వేర్‌ని ఇక వాడను.

అంతకంటే కష్టమైన నిర్ణయం ఇంకోటి ఉంది. అదే సాఫ్ట్‌వేర్‌తో అంతకుముందు చేసిన ఫైళ్లు ముప్పై ఏడు. ఒక్కటీ వెనక్కి రాలేదు. కొందరికి లోన్ కూడా వచ్చేసింది. వాళ్లకి చెప్పాలా, వద్దా? చెబితే సాఫీగా ఉన్న వాళ్లకి టెన్షన్ పెట్టినట్టవుతుంది, మన పేరూ పోతుంది. చెప్పకపోతే, ఆ షీట్ చూసి ఎవరైనా ఈఎంఐ మాండేట్, అంటే నెలవారీ వాయిదా ఖాతా నుంచి కోసుకోమని ఇచ్చే అనుమతి కాగితం, నింపితే, అందులో అకౌంట్ రకం దగ్గర తప్పు టిక్ పడుతుంది. ఖాతా వివరాలు కలవలేదని బ్యాంకు మాండేట్‌ని తిప్పి కొడుతుంది. మూడు రోజులు ఎటూ తేల్చుకోలేకపోయాను. ఊరుకో, ఎవరూ అడగలేదుగా అంది మా ఆవిడ. చివరికి ముప్పై ఏడూ బయటికి తీసి, అసలు పీడీఎఫ్‌లు పక్కన పెట్టుకుని నేనే కూర్చుని చూశాను. తొమ్మిదింటిలో తప్పుంది. ఆ తొమ్మిది మందికీ ఫోన్ చేశాను, సవరించిన షీటు, సంతకంతో ఒక లెటర్ ఇచ్చాను. ఇద్దరు కోపగించుకున్నారు. కోప్పడే హక్కు వాళ్లకుంది.

ఇక చెక్ లీఫ్ సంగతి. ఖాతాలోకి ఒక రూపాయి వేసి పేరు సరిచూస్తే సరిపోదా అని కొందరు అన్నారు. అది చాలదు. డబ్బు ప్రధానంగా ఖాతా నంబరు మీదే జమవుతుంది. అదే బ్యాంకులోని వేరే బ్రాంచి ఐఎఫ్‌ఎస్‌సీ ఇచ్చినా చాలాసార్లు రూపాయి చేరిపోతుంది. దాంతో ఖాతా ఉందని, ఎవరి పేరు మీద ఉందో తెలుస్తుంది. బ్రాంచి, ఎంఐసీఆర్, అకౌంట్ రకం తెలియవు.

అందుకే ఇప్పుడు మేం చేసేది ఇదీ. పీడీఎఫ్‌లోని ఐఎఫ్‌ఎస్‌సీని రిజర్వ్ బ్యాంక్ వెబ్‌సైట్‌లోని జాబితాలో వెతికి, అక్కడున్న బ్రాంచితో కలుస్తోందో లేదో చూస్తాం. ఎంఐసీఆర్‌ని చెక్ లీఫ్ అడుగున తెల్లని పట్టీలో, చెక్ నంబరు పక్కన ఉన్న తొమ్మిది అంకెలతో పోలుస్తాం. లీఫ్ ఇప్పుడు వాడుతున్న చెక్ బుక్‌లోదే కావాలి. ఒకాయన ఆంధ్రా బ్యాంక్ పాత లీఫ్ తెచ్చారు. స్టేట్‌మెంట్ సరిగ్గానే ఉంది, లీఫే పాతది. ఆ చెక్కులు 2021 ఏప్రిల్ నుంచే చెల్లవు.

అకౌంట్ రకానికి హెడర్ ఒక్కదాన్నే నమ్మం, లోపలి ఎంట్రీలు కూడా చూస్తాం. సేవింగ్స్ అయితే చాలా బ్యాంకుల్లో మూడు నెలలకోసారి వడ్డీ జమవుతుంది. కరెంట్ అయితే మామూలుగా వడ్డీ ఉండదు. క్యాష్ క్రెడిట్ అయితే నెలనెలా వడ్డీ కోత పడుతుంది. బట్టల వ్యాపారి స్టేట్‌మెంట్‌లో ఆ కోతలు పన్నెండూ ఉన్నాయి. ఒక్కసారి చూసుంటే దొరికిపోయేది.

ఇంకోటి, స్టేట్‌మెంట్ ఏ తేదీన తీశారన్నది కూడా చూస్తాం. 2019 లావాదేవీల స్టేట్‌మెంట్‌ని నిన్న డౌన్‌లోడ్ చేస్తే పైన UBIN08 ఉండటం సహజమే, బ్యాంకు ఇవాళ్టి వివరాలే అచ్చువేస్తుంది. అదే, 2019లో తీసిన ప్రింట్ అని రాసి ఉండి పైన UBIN08 కనిపిస్తే ఆ కాగితాన్ని మేం ముట్టుకోం. అప్పటికి ఆ కోడే లేదు. అలాంటప్పుడు, లేదా లీఫూ స్టేట్‌మెంటూ కలవనప్పుడు, మేం ఊహించి దిద్దం. మీ బ్రాంచి నుంచి సీలు వేసిన కాగితం తెమ్మంటాం. హెడర్ అంతా కలిసినంత మాత్రాన లోపలి అంకెలు నిజమని తేలిపోదు, వాటిని విడిగా చూస్తాం.

రెండు రోజులు పట్టేది వీటన్నిటికే. ఫీజు పెంచడం లేదు. అర్జెంటని ఎవరు అడిగినా ఈ పని తప్పించి ఫైలు ఇవ్వను, అందుకు వేరే చోటికి వెళ్తామన్నా సరే. గ్రామీణ బ్యాంకు ఖాతాలున్నవాళ్లు కొత్త లీఫో, కొత్త పాస్‌బుక్ మొదటి పేజీయో తీసుకురండి. మన రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు 2025 మే 1న ఒకటయ్యాయి కాబట్టి మీ పాత కాగితాల మీద పాత బ్యాంకు పేరే ఉంటుంది. లీఫ్ మీద అడ్డంగా రెండు గీతలు కొట్టి "క్యాన్సిల్డ్" అని రాసి ఇవ్వండి, సంతకం పెట్టొద్దు. మా షీటు ఇంతకుముందు తీసుకున్నవాళ్లు ఇంట్లో ఒకసారి మీ లీఫ్‌తో పోల్చి చూడండి. తేడా ఉంటే ఆదివారమైనా ఫోన్ చేయండి, సవరించిన షీటు నేనే తెచ్చి ఇస్తాను.