ముప్పై ఐదు డాలర్ల తేడాకు ఒక గడి కావాలి: విదేశీ వాణిజ్య డైరెక్టర్ జనరల్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన డైరెక్టర్ జనరల్ గారికి,

నమస్కారం. నేను గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక చిన్న సంస్థలో డాక్యుమెంటేషన్ పని చూస్తాను. సరుకు ఓడ ఎక్కాక బ్యాంకు నుంచి వచ్చిన డబ్బును షిప్పింగ్ బిల్లుతో, ఇన్వాయిస్‌తో సరిపోల్చి ఈ-బీఆర్‌సీ అనే డబ్బు వసూలు సర్టిఫికెట్ తయారు చేయడం నా రోజువారీ పని. 2023 నవంబర్ నుంచి ఈ సర్టిఫికెట్‌ను ఎగుమతిదారే మీ పోర్టల్‌లో స్వయంగా ధ్రువీకరించుకునే వీలు కల్పించారు. దాని వల్ల బ్యాంకు చుట్టూ తిరిగే పని చాలా తగ్గింది. ఆ మాట ముందు చెప్పాలి. కానీ బ్యాంకు మీకు పంపే ఐఆర్‌ఎంలో, అంటే విదేశాల నుంచి డబ్బు వచ్చిందని తెలిపే సందేశంలో, ఒక సమాచారం లేకపోవడం వల్ల మాకు తరచూ లేనిపోని టెన్షన్ వస్తోంది.

లెక్కతోనే చెబుతాను. 2025 ఏప్రిల్‌లో మలేసియాకు 14 టన్నుల తేజ మిర్చి పంపాం. కిలో 2.40 డాలర్ల చొప్పున కిరాయి, ఇన్సూరెన్స్ కలిపిన సీఐఎఫ్ ధర, ఇన్వాయిస్ మొత్తం 33,600 డాలర్లు. అందులో ఓడ కిరాయి 700, ఇన్సూరెన్స్ 60. ఆ రెండూ తీసేస్తే షిప్పింగ్ బిల్లులో ఎఫ్‌ఓబీ విలువ 32,840. మే మొదటి వారంలో డబ్బు వచ్చింది. ఐఆర్‌ఎంలో ఉన్న మొత్తం 33,565 డాలర్లు.

ఈ అంకెను తీసుకెళ్లి నేరుగా ఎఫ్‌ఓబీ పక్కన పెడితే 725 డాలర్లు ఎక్కువ వచ్చినట్టు కనిపిస్తుంది. కొత్తగా పనిలో చేరినవాళ్లు ఇక్కడే సంతోషపడి ఫైలు మూసేస్తారు. వచ్చిన డబ్బులో కిరాయి, ఇన్సూరెన్స్ కూడా కలిసి ఉంటాయి కాబట్టి దాన్ని ముందు ఇన్వాయిస్‌తోనే పోల్చాలి. అప్పుడు 35 డాలర్లు తక్కువ. తర్వాత 33,565లోంచి 760 తీసేసి ఎఫ్‌ఓబీతో పోలిస్తే 32,805. అక్కడా తేడా అదే 35. రెండు చోట్లా ఒకే తేడా వచ్చిందంటే కిరాయి, ఇన్సూరెన్స్ అంకెలు ఇన్వాయిస్‌లో, షిప్పింగ్ బిల్లులో ఒకటే ఉన్నాయని అర్థం. వేర్వేరు తేడాలు వస్తే లోపం బ్యాంకు దగ్గర లేదు, మన కాగితాల్లోనే ఉంది.

ఇక ఆ 35 ఎక్కడికి పోయింది? బ్యాంకును అడిగి, డబ్బు పంపేటప్పుడు బ్యాంకులు ఒకదానికొకటి పంపుకునే స్విఫ్ట్ సందేశం కాపీ తెప్పించాను. అందులో మాకు కావాల్సిన వరుసలు ఇవి:

```
:32A:250505USD33565,
:33B:USD33600,
:71A:SHA
:71F:USD20,
:71F:USD15,
```

33B అంటే కొనుగోలుదారు పంపమని తన బ్యాంకుకు చెప్పిన మొత్తం. 32A మన బ్యాంకుకు చేరినది. దారిలో రెండు బ్యాంకులు తమ చార్జీల కింద 20, 15 చొప్పున పట్టుకున్నాయి. SHA అంటే చార్జీలు ఇరుపక్షాలూ పంచుకోవడం, అంటే మనవైపు చార్జీలు మన డబ్బులోంచే పోతాయి. కొనుగోలుదారు పైసా ఎగ్గొట్టలేదు.

ఈ సంగతి ఐఆర్‌ఎంలో ఎక్కడా లేదు. అందులో చేరిన విదేశీ మొత్తం, రూపాయల్లో జమ, తేదీ, పంపినవారి పేరు, దేశం ఉన్నాయి. పంపమని చెప్పిన మొత్తం లేదు, చార్జీలూ లేవు. కొన్ని నెలల తర్వాత ఒక కార్యాలయం నుంచి మాకు లేఖ వచ్చింది: ఈ బిల్లుపై 33,180 రూపాయలు తక్కువ వసూలైంది, సంజాయిషీ ఇవ్వండి అని. 35 డాలర్లు 33 వేలు ఎలా అయ్యాయా అని లెక్క వేసి చూశాను. షిప్పింగ్ బిల్లు రోజు కస్టమ్స్ రేటు 84.90తో ఇన్వాయిస్‌ను రూపాయల్లోకి మారిస్తే 28,52,640. బ్యాంకు జమ చేసిన రోజు రేటు 84.00, జమ 28,19,460. ఆ రెండింటినీ తీసివేశారు. అందులో 30,240 కేవలం రెండు తేదీల మధ్య మారకపు రేటు పడిపోవడం. మిగతా 2,940 రూపాయలే అసలు తేడా. డాలరు బిల్లును డాలర్లలోనే పోల్చాలి. రూపాయల్లో పోలిస్తే రేటు పెరిగిన నెలలో నిజంగా డబ్బు తగ్గినవాడు తప్పించుకుంటాడు, రేటు పడిన నెలలో మాలాంటివాళ్లు దొరుకుతారు.

ఆ లేఖ మీ విభాగం పంపింది కాదు. అయినా మీకే ఎందుకు రాస్తున్నానంటే, ఆ అధికారి చేతిలో ఉన్నది మీ సర్టిఫికెట్టే. ఎగుమతిదారుకు సుంకం తిరిగి ఇచ్చే డ్రాబ్యాక్ విషయంలో కస్టమ్స్ బోర్డు 2019 సెప్టెంబర్‌లోనే 33/2019 సర్క్యులర్‌లో స్పష్టంగా చెప్పింది. ఏజెన్సీ కమీషన్, విదేశీ బ్యాంకు చార్జీలు రెండూ కలిపి ఎఫ్‌ఓబీలో 12.5 శాతం దాటకపోతే వాటి కోసం డ్రాబ్యాక్ తగ్గించనక్కర్లేదు. మా 35 డాలర్లు 0.11 శాతం కూడా లేవు. నియమం ఉంది, కానీ తేడా బ్యాంకు చార్జీయేనని చూపే గడి సర్టిఫికెట్‌లో లేదు. అందుకే ప్రతిసారీ స్విఫ్ట్ కాపీ కోసం బ్యాంకును బతిమాలుకుని, దానికి లేఖ జోడించి పంపాల్సి వస్తోంది.

ఈ గడి ప్రభుత్వానికీ అవసరమే. ఇదే సరుకులో తేమ ఎక్కువుందని కొనుగోలుదారు 800 డాలర్లు కోసుకుని పంపాడనుకోండి. అప్పుడు 33Bలోనే 32,800 ఉంటుంది. అది బ్యాంకు చార్జీ కాదు, ఇన్వాయిస్ విలువ తగ్గింపు. దానికి క్లెయిమ్ కాగితాలతో మన బ్యాంకు దగ్గర ఆమోదం తీసుకునే దారి వేరే ఉంది. చేరిన మొత్తం ఒక్కటే చూస్తే ఈ రెండు రకాల తేడాలూ ఒకేలా కనిపిస్తాయి. కొనుగోలుదారు కోసుకున్నదాన్ని బ్యాంకు చార్జీ అని చెప్పుకునే ఎగుమతిదారులు మాలోనూ ఉన్నారు, దాచాల్సింది లేదు. కాబట్టి చార్జీల అంకెను మమ్మల్ని నింపమనకండి. బ్యాంకే పంపాలి.

బ్యాంకులకు ఇది కొత్త భారం కాదు. స్విఫ్ట్‌లో పైన చూపిన పాత ఎంటీ 103 సందేశం స్థానంలో 2025 నవంబర్ నుంచి pacs.008 సందేశం పూర్తిగా అమల్లోకి వచ్చింది. అందులో పంపమన్న మొత్తం InstdAmt, చేరిన మొత్తం IntrBkSttlmAmt, చార్జీలు ChrgsInf అని విడివిడిగానే వస్తాయి. మధ్యలో కొన్ని బ్యాంకులు చార్జీ పట్టుకుని కూడా వివరం రాయవు, అలాంటప్పుడు ChrgsInf మీద పూర్తిగా ఆధారపడలేం. కానీ మొదటి రెండు మొత్తాలు ఉంటే మూడోది తీసివేతతో వచ్చేస్తుంది.

నేను కోరేది ఇదే. బ్యాంకులు పంపే ఐఆర్‌ఎంలో పంపమన్న మొత్తానికీ విదేశీ చార్జీలకూ రెండు గడులు చేర్చండి. మన బ్యాంకు తన సొంత చార్జీలు తీసేయకముందు ఉన్న మొత్తాన్నే చేరిన మొత్తంగా చూపాలని స్పష్టం చేయండి. ఈ-బీఆర్‌సీ మీద షిప్పింగ్ బిల్లు ఇన్వాయిస్ విలువ, కిరాయి, ఇన్సూరెన్స్, ఎఫ్‌ఓబీ పక్కపక్కనే బిల్లు కరెన్సీలో కనిపించాలి. రూపాయల అంకె సమాచారం కోసం ఉండొచ్చు, పోలికకు మాత్రం వాడకూడదని ఒక వాక్యం రాయించండి. కస్టమ్స్ వారికి ఈ మార్పు తెలిసేలా మీ ట్రేడ్ నోటీసు ప్రతిని వారి బోర్డుకూ పంపిస్తే, మా లేఖలకు జవాబు రాసే పని వారికీ తగ్గుతుంది.

భవదీయుడు,
మిర్చి ఎగుమతి సంస్థ ఉద్యోగి, గుంటూరు