మెయిల్ అడ్రస్ సరిగ్గానే ఉంది

సంపాదకులు గారికి,

నమస్కారం. సైబర్ మోసాల గురించి పత్రికల్లో సలహాలు వచ్చినప్పుడల్లా మొదట కనిపించే మాట ఒకటే: పంపినవారి మెయిల్ అడ్రస్‌ను అక్షరం అక్షరం చూసుకోండి, రాతలో తప్పులుంటే అనుమానించండి అని. నేను పదమూడేళ్లుగా ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో సరఫరాదారుల బిల్లులు చెల్లించే పని చేస్తున్నాను. ఆ సలహా తప్పు కాదు. కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకుని కూర్చుంటే మాలాంటివాళ్లం నిలువునా మునుగుతాం. మా ఆఫీసులో జరిగింది చెప్తాను, ఎందుకలా అంటున్నానో మీకే తెలుస్తుంది.

ఒక శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు, మాకు అట్టపెట్టెలు సరఫరా చేసే సంస్థ నుంచి మెయిల్ వచ్చింది. ‘మా బ్యాంకు ఖాతాకు ఆడిట్ జరుగుతోంది, అందులో డబ్బు జమ కాదు. సోమవారం ఇవ్వాల్సిన మూడు బిల్లుల మొత్తాన్ని కింది కొత్త ఖాతాకు ఈరోజే పంపండి. ఆలస్యమైతే వచ్చే లోడు ఆపాల్సి వస్తుంది. మీటింగులో ఉన్నాను, ఫోన్ ఎత్తలేను, మెయిల్‌లోనే జవాబివ్వండి’ అని అందులోని సారాంశం. లెటర్‌హెడ్ మీద సంతకం, ముద్ర ఉన్న ఉత్తరం జతచేశారు. బిల్లుల నంబర్లు, మొత్తాలు పైసాతో సహా సరిపోయాయి. కింద మా పాత ఉత్తరప్రత్యుత్తరాలు అన్నీ యథాతథంగా ఉన్నాయి. రాతలో ఒక్క తప్పు లేదు. అన్నిటికంటే ముఖ్యం, అడ్రస్ అసలుదే. ఆరేళ్లుగా మాకు మెయిల్స్ వస్తున్న అడ్రస్సే.

మేనేజర్ గారు ‘లోడు ఆగితే నాకు సమాధానం చెప్పుకోవడం కష్టం, ఇప్పుడే పంపేయండి’ అన్నారు. మా విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయి మాత్రం ‘సార్, పది నిమిషాలు ఆగండి, ఒకసారి ఫోన్ చేసి అడుగుతాను’ అంది. తనకు అనుమానం రావడానికి కారణాలు రెండు. ఆ మెయిల్ కాపీ ఆ సంస్థ యజమానికి కూడా వెళ్లినట్టు పైన ఉంది. ఆయన అడ్రస్‌లో మాత్రం `m` ఉండాల్సిన చోట `rn` ఉంది. చిన్న అక్షరాల్లో ఆ రెండూ పక్కపక్కన ఉంటే తేడా కంటికి ఆనదు. రెండోది, మెయిల్ చివర పేరు కింద ఉన్న ఫోన్ నంబరులో ఆఖరి నాలుగు అంకెలు మారిపోయాయి. అదీ పాత మెయిల్ పక్కన పెట్టి చూస్తేనే తెలిసింది.

ఆ అమ్మాయి మెయిల్‌లోని నంబరుకు చేయలేదు. ఇనప బీరువాలోంచి పాత కాంట్రాక్టు తీసి, అందులో ఉన్న నంబరుకు చేసింది. అవతల ఎత్తింది మాకు ఎప్పుడూ మెయిల్స్ పంపే ఆయనే. ఖాతా మారలేదు, ఆడిటూ లేదు, ఆ మెయిల్ తాను పంపనే లేదు అన్నారు. తర్వాత వాళ్లు వెతికితే తెలిసిన సంగతి ఇది: ఎవరో ఆయన పాస్‌వర్డ్ సంపాదించి మెయిల్‌బాక్సులోకి దూరారు. మా ఉత్తరాలన్నీ చదివి, ఏ బిల్లు ఎప్పుడు చెల్లిస్తామో తెలుసుకున్నారు. మా నుంచి వచ్చే జవాబులు ఆయన కంట పడకుండా, ఎవరూ తెరవని ఒక ఫోల్డర్‌లోకి వాటంతటవే వెళ్లిపోయేలా ఒక రూల్ పెట్టారు. మేం ‘ఇది నిజమేనా?’ అని మెయిల్‌లో అడిగి ఉంటే, ‘నిజమే’ అని జవాబిచ్చేది ఆ దొంగే.

అసలు మెయిల్‌బాక్సు నుంచి వచ్చిన మెయిల్‌కు సాఫ్ట్‌వేర్ పరీక్షలు అడ్డుపడవు. వేరే చోటి నుంచి ఎవరైనా ఆ అడ్రస్ పేరు పెట్టుకుని పంపారా అన్నదే అవి చూస్తాయి, ఇక్కడ మెయిల్ అసలు అడ్రస్ నుంచే వచ్చింది కదా. ‘బయటి నుంచి వచ్చిన మెయిల్’ అని పైన కనిపించే హెచ్చరిక పట్టీ కూడా మాకు అక్కరకు రాదు. సరఫరాదారులంతా బయటివాళ్లే కాబట్టి రోజూ ప్రతి మెయిల్ మీదా అదే పట్టీ ఉంటుంది, దాన్ని చూడడం ఎప్పుడో మానేశాం. అందుకే నేను చెప్పేది, ముందు చూడాల్సింది అడిగిన పని. ఖాతా మార్చమంటున్నారు, చెల్లింపు గడువుకు ముందే అంటున్నారు, ఈరోజే అంటున్నారు, ఫోన్ వద్దంటున్నారు. ఈ నాలుగూ ఒకే మెయిల్‌లో కలిసి వస్తే అడ్రస్ ఎంత సరిగ్గా ఉన్నా చెయ్యి ఆపాల్సిందే.

ఆ రోజు మేనేజర్ గారు ఇంకో మాట కూడా అన్నారు: ‘పోనీ ముందు చిన్న మొత్తం పంపి, అందిందో లేదో అడగండి.’ చాలా ఆఫీసుల్లో ఇదే చేస్తారు. కానీ అందిందని మెయిల్‌లో చెప్పేది ఎవరు? ఆ ఖాతా ఎవరిదో వాళ్లే. పంపిన డబ్బు చేరడం ఆ ఖాతా పనిచేస్తోందని చెబుతుందే తప్ప, అది సరఫరాదారుదని చెప్పదు. చిన్న మొత్తం పంపినా, అందిందా అని పాత నంబరుకు ఫోన్ చేసి అడిగితేనే దానికి అర్థం.

ఖాతాదారు పేరు సరిపోతే చాలనుకునేవారికి ఒక సంగతి గుర్తుచేస్తాను. 2013 నుంచి 2015 వరకు గూగుల్, ఫేస్‌బుక్ సంస్థల నుంచి కలిపి 12 కోట్ల డాలర్లకు పైగా ఒక లిథువేనియా వ్యక్తి కొట్టేశాడు. ఆ రెండు సంస్థలతో వ్యాపారం చేసే తైవాన్ కంపెనీ క్వాంటా కంప్యూటర్ పేరుతోనే అతను లాత్వియాలో ఇంకో కంపెనీ రిజిస్టర్ చేసి, ఆ పేరు మీదే బ్యాంకు ఖాతాలు తెరిచాడు. నకిలీ ఇన్‌వాయిస్‌లు, మెయిల్స్ పంపి డబ్బు వాటిలోకి రప్పించాడు. 2019లో అతనికి అయిదేళ్ల జైలుశిక్ష పడింది. పేరు సరిపోవడం మంచిదే, బ్యాంకులు అది సరిచూసి చెప్పాలి కూడా. కానీ పేరు కలిసినంత మాత్రాన ఆ ఖాతా మనం అనుకున్నవాళ్లదే అయిపోదు. ఖాతా ఇంతకుముందు సంబంధం లేని దేశంలో ఉందంటే అది మరో పెద్ద హెచ్చరిక.

నాకు బాధ కలిగించేది దొంగల తెలివి కాదు, ఫోన్ చేస్తానన్న ఆ అమ్మాయి భయంభయంగా అడగాల్సి రావడం. పది నిమిషాలు ఆపినందుకు మాట పడాల్సి వస్తుందనుకుంటే, రేపు ఇంకొకరు ఆపరు. కాబట్టి యాజమాన్యాలకు నా విన్నపం. ఖాతా మార్పు కోరుతూ వచ్చే ఏ మెయిల్ మీదా, పాత రికార్డులోని నంబరుకు ఫోన్ చేసి అవతలివారితో మాట్లాడనిదే డబ్బు కదలకూడదని రాతపూర్వకంగా చెప్పండి. మాట్లాడినవారూ, చెల్లింపు మీద సంతకం చేసేవారూ వేర్వేరుగా ఉండాలి. ఆ ఫోన్ వల్ల ఆలస్యమైతే ఉద్యోగిని తప్పుపట్టబోమని కూడా అందులోనే రాయండి. ఆ ఒక్క వాక్యం లేకపోతే మిగతా నియమం కాగితం మీదే మిగులుతుంది.

సరఫరాదారులు ప్రతి ఇన్‌వాయిస్ కింద ‘మా ఖాతా వివరాలు మెయిల్ ద్వారా మార్చం’ అని ఒక వరుస అచ్చువేయాలి. దానికి ఖర్చేమీ లేదు.

డబ్బు ఇప్పటికే పోయిందని అనుమానం వస్తే మొదటి ఫోన్ బ్యాంకుకు, రెండోది పోలీసులకు. దొంగ ఖాతాలోంచి డబ్బు మరో చోటికి కదిలేలోపే ఆపగలిగే అవకాశం ఉంటుంది, అది గంటల్లో కరిగిపోతుంది. కంగారులో ఆ మెయిల్‌ను చెరిపేయకండి, అందరికీ ఫార్వర్డ్ చేస్తూ కూర్చోకండి. ఫార్వర్డ్ చేసిన కాపీలో అది ఏ దారిన వచ్చిందో చెప్పే వివరాలు నిలవవు. అసలు మెయిల్‌ను `.eml` ఫైలుగా భద్రపరచండి.

మీ పత్రిక ఈసారి సైబర్ జాగ్రత్తల గురించి రాసేటప్పుడు, అక్షరదోషాల కంటే ముందు ‘పాత నంబరుకు ఫోన్ చేయండి’ అనే మాట పెట్టమని కోరుతున్నాను.

ఇట్లు,
అకౌంట్స్ విభాగంలో పనిచేసే ఒక పాఠకురాలు