మాత్ర ఎందుకు మానేశావురా?

తిరుపతి,
ఆదివారం పొద్దున

ఒరేయ్ మునిరత్నం,

నిన్న రాత్రి చెల్లెమ్మ ఫోన్ చేసింది. నువ్వు రెండు నెలలుగా కొలెస్ట్రాల్ మాత్ర వేసుకోవడం లేదట. ‘ఆ మాత్ర వల్లే షుగర్ వచ్చింది’ అని ఎవరో చెప్పారట, నువ్వు చీటీతో సహా బీరువాలో పడేశావట. నిద్ర పట్టలేదురా నాకు. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి రాస్తున్నా.

నీకు చెప్పినవాడు అబద్ధం చెప్పలేదు, ముందు అది ఒప్పుకుంటా. నువ్వు వేసుకునే కొలెస్ట్రాల్ మాత్రల జాతిని స్టాటిన్లు అంటారు, అవి షుగర్‌ని కొంచెం పెంచుతాయి. కాలేయంలో కొలెస్ట్రాల్ తయారు కావడానికి ఒక ఎంజైమ్ పనిచేస్తుంది. ఈ మాత్ర దాన్ని అడ్డుకుంటుంది. పుట్టుకతోనే ఆ ఎంజైమ్ కాస్త మందకొడిగా పనిచేసేవాళ్లను చూస్తే, మాత్ర ఒక్కటీ మింగకపోయినా, వాళ్ల బరువూ షుగర్ వచ్చే అవకాశమూ మిగతావాళ్లకంటే కొంచెం ఎక్కువని 2015లో తేలింది. అంటే కొలెస్ట్రాల్ తగ్గించే మీటే షుగర్‌ని కూడా కొద్దిగా కదిలిస్తోందన్నమాట. కంపెనీ మార్చినంత మాత్రాన పోయేది కాదు.

అయితే ఎంత పెంచుతుంది? అదిరా అసలు ప్రశ్న. చెల్లెమ్మ నీ కాగితాలు వాట్సాప్‌లో పంపింది. స్టెంట్ వేసినప్పుడు నీ మూడు నెలల సరాసరి షుగర్ 6.3. మొన్నటి పరీక్షలో 6.5. షుగర్ వ్యాధి అని పేరు పెట్టే గీత 6.5 దగ్గరే ఉంది. నువ్వు వేసుకునే అటోర్వాస్టాటిన్ 40 పెద్ద మోతాదు కిందకే వస్తుంది. పెద్ద ట్రయల్స్ అన్నీ కలిపి 2024లో లెక్క వేస్తే, అలాంటి మోతాదు ఆ సరాసరిని పెంచింది సగటున 0.08 మాత్రమే. నీకు పెరిగింది 0.2. ఒకే రక్తాన్ని రెండు ల్యాబులకిస్తే కూడా అంత తేడా రావచ్చు. మిగతాది స్టెంట్ వేశాక ఈ రెండేళ్లలో పెరిగిన నాలుగు కిలోలకీ, బేనీషా మామిడి కాలంలో నువ్వు పళ్లు లాగించే తీరుకీ చెందుతుంది.

ఆ లెక్కలోనే ఇంకో సంగతి బయటపడింది. స్టాటిన్ మొదలుపెట్టాక షుగర్ వచ్చినవాళ్లలో 62 శాతం మంది, మొదట్నుంచీ షుగర్ అందరికంటే ఎక్కువగా ఉన్న పావు వంతులోనివాళ్లే. గీత అంచున నిలబడ్డవాణ్ణి మాత్ర ఒక అడుగు ముందుకు జరుపుతుంది. 5.4 ఉన్నవాడికి ఆ అడుగు లెక్కలోకే రాదు. నువ్వు అంచున ఉన్నావు, కాబట్టి దాటావు. మాత్ర లేకున్నా ఇంకొన్నాళ్లకి దాటేవాడివే. జూపిటర్ అనే ట్రయల్‌లో మాత్ర వేసుకున్నవాళ్లకి షుగర్ బయటపడ్డది, వేసుకోనివాళ్లకంటే సగటున అయిదు వారాలే ముందు!

ఇక తక్కెడలో రెండో వైపు చూడు. స్టెంట్ నాడు నీ చెడ్డ కొలెస్ట్రాల్, అదే ఎల్డీఎల్, 142, మాత్ర మీద 64. అంటే 78 తగ్గింది. ఎల్డీఎల్ 39 తగ్గిన ప్రతిసారీ గుండెపోటు, పక్షవాతం లాంటివి అయిదో వంతు తగ్గుతాయి. నీకు అది రెండు సార్లు జరిగింది, మొత్తం మీద మూడో వంతు పైచిలుకు. మానేశాక ఇప్పుడు 138. రక్తనాళంలో ఆ స్టెంట్ జాలీ అలాగే ఉంది, కాపలా మాత్రం లేచిపోయింది. జూపిటర్‌లో షుగర్ ముప్పు ఉన్నవాళ్లని విడిగా చూస్తే, కొత్తగా 54 మందికి షుగర్ వచ్చేలోపు 134 గుండె, మెదడు ప్రమాదాలూ మరణాలూ ఆగాయి. వాళ్లెవరికీ అంతకుముందు గుండెజబ్బు లేదు. నీకు ఉంది కాబట్టి తక్కెడ ఇంకా అటే మొగ్గుతుంది.

అందరికీ ఇదే మాట చెప్పను. మన రెడ్డెప్ప కొడుకులాంటి ముప్పైయేళ్ల కుర్రాడు, బీపీ లేదు, పొగ తాగడు, ఇంట్లో ఎవరికీ గుండెజబ్బు లేదు, ఎల్డీఎల్ కాస్త ఎక్కువ. వాడికి ఆగే ప్రమాదాలే తక్కువ కాబట్టి ఆలోచించి మొదలుపెడతాం. నీ సంగతి అది కాదు.

షుగర్ వచ్చింది కాబట్టి మాత్ర మానాలన్న తర్కం తలకిందులుగా ఉందిరా. షుగర్ ఉన్నవాడికి గుండెపోటు ముప్పు ఇంకా ఎక్కువ, వాడికే స్టాటిన్ ఎక్కువ అవసరం. షుగర్‌కి షుగర్ వైద్యం చేద్దాం. 6.5 అంటే సంగటి ముద్ద సగానికి తగ్గించి, పొద్దున, సాయంత్రం నడిస్తే దిగే అంకె. అవసరమైతే మెట్‌ఫార్మిన్ ఉంది. పోయిన గుండె కండరాన్ని తిరిగి తెచ్చే మందు నా దగ్గర లేదు.

రేపే మీ గుండె డాక్టర్‌ని కలిసి, రెండు నెలలుగా మానేశానని దాచకుండా చెప్పు. మాత్ర మళ్లీ మొదలయ్యాక మూడు నెలలకి సరాసరి షుగర్, ఎల్డీఎల్ రెండూ చేయించు. చిత్తూరు నుంచి పొద్దున బస్సెక్కితే పదికల్లా మా ఇంట్లో ఉంటావు, ఈ శనివారం రా. ఆ బీరువాలోని చీటీ తీసుకురా, మామిడికాయలు మాత్రం తేవద్దు.

నీ
సుధాకర్