సున్నపురాతి నేలపై అనుమతి ఇచ్చే ముందు: భవన అనుమతుల అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

మా వినతులకు జవాబు రాలేదు కనుక అందరి ముందూ రాస్తున్నాం. ఈ నివాస భవనానికి నాలుగు మూలలా నాలుగు బోర్లు వేసి, గట్టి రాయి తగిలిందని నివేదిక ఇచ్చారు. కానీ సున్నపురాతిలో నీరు తొలిచిన రెండు మీటర్ల వెడల్పున్న బొరియ ఆ బోర్ల మధ్య కంటపడకుండా సులువుగా తప్పిపోతుంది. పైమట్టి అందులోకి జారుతూ జారుతూ ఒకరోజు నేల కుంగితే, నిద్రలో ఉన్న కుటుంబాలకు తప్పించుకునే వ్యవధి ఉండదు.

ముందు విద్యుత్ నిరోధక సర్వే చేయించండి. తడి బంకమట్టి నిండిన బొరియ తక్కువ నిరోధం చూపుతుంది. ఖాళీ బొరియ ఎక్కువ చూపుతుంది, కానీ గట్టి రాయీ అంతే. అందుకే అనుమానం ఉన్న ప్రతిచోటా బోరు వేయాలి. డ్రిల్ రాడ్డు ఒక్కసారిగా జారినా, తిరిగి పైకి రావలసిన నీరు ఇంకిపోయినా ఆ లోతు రాయించండి. ప్రతి స్తంభం కిందా పరీక్ష పూర్తయ్యేవరకు అనుమతి నిలిపివేయాలని కోరుతున్నాం.

ఇట్లు,
నేల పరీక్షల ఇంజినీర్లు