నాలుగు రెపోలు ఒకటయ్యాయి: సాంకేతిక విభాగం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చులు, సభ్యత్వాల వివరాలు కోశాధికారి నివేదికలో ఉన్నాయి. సాంకేతిక విభాగానికి సంబంధించి ఈ ఏడాది పెద్ద పని ఒక్కటే. మన ఏడు రెపోల్లో నాలుగింటిని ఒకే రెపోలోకి తెచ్చాం. మిగతా మూడింటిని ఆలోచించే బయట ఉంచాం. "అన్నీ ఒకచోట పెట్టేస్తే పోలేదా" అని కొందరు, "బాగానే నడుస్తున్నవాటిని ఎందుకు కదిలించడం" అని కొందరు అడిగారు కాబట్టి, ఏ లెక్కన తేల్చుకున్నామో వివరంగా రాస్తున్నాను.

కలపాలని ఎందుకు అనిపించింది

మన పనిముట్లకు అడుగున ఒక చిన్న లైబ్రరీ ఉంది. తెలుగు మాటను అక్షరాలుగా విడగొట్టడమే దాని పని. గళ్లనుడికట్టు సైటు, నిఘంటువులో వెతికే మాడ్యూల్, వెబ్ కీబోర్డు దాని మీదే ఆధారపడతాయి. నాలుగూ నాలుగు రెపోల్లో ఉండేవి. లైబ్రరీలో ఏదైనా మారిస్తే npm లో కొత్త వెర్షన్ విడుదల చేసి, ఆ తర్వాత మిగతా మూడింటిలో ఒక్కొక్కటిగా వెర్షన్ మార్చుకుంటూ రావాలి.

2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో, ఒక అక్షరం ఎక్కడ ముగుస్తుందో చెప్పే నియమం మారింది. పాత నియమం "స్త్రీ"ని స్, త్, రీ అని మూడు ముక్కలు చేసేది. కొత్త నియమం తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం లిపుల్లో పొల్లుతో అతుక్కున్న హల్లులను విడదీయదు. అంటే "స్త్రీ" ఒకే అక్షరం, మనం పలక మీద నేర్చుకున్నట్టే. లైబ్రరీని ఈ నియమానికి మార్చడం అన్నివిధాలా సరైన పనే.

కొత్త వెర్షన్‌ను గళ్లనుడికట్టు వెంటనే తీసుకుంది. నిఘంటువు మాడ్యూల్ పాతదాని మీదే ఉండిపోయింది. అయితే గళ్లకు సరిపడే మాటల కోసం గళ్లనుడికట్టు ఆ మాడ్యూల్‌నే అడుగుతుంది. దాంతో ఒకే సైటులో లైబ్రరీ వెర్షన్లు రెండు చేరాయి. రెండు గళ్ల మాట కావాలని అడిగితే "శాస్త్రం" రావడం మానేసింది. గళ్లనుడికట్టు లెక్కలో అది శా, స్త్రం అని రెండు అక్షరాలు, నిఘంటువు లెక్కలో శా, స్, త్, రం అని నాలుగు. ఎక్కడా ఎర్రర్ లేదు. ఏ రెపోకి ఆ రెపోలో టెస్టులన్నీ పాసయ్యాయి. ఒత్తులున్న మాటలే మాయమవుతున్నాయని ఆడేవాళ్లు చెబితే తెలిసింది. `pnpm why` తర్వాత లైబ్రరీ పేరు ఇచ్చి చూస్తే ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లతో కనిపించింది. ఇలాంటి అనుమానం ఎవరికి వచ్చినా మొదట చూడాల్సింది అదే.

కీబోర్డులో కథ ఇంకోలా నడిచింది. బ్యాక్‌స్పేస్ నొక్కితే చివర కొట్టిన ముక్క మాత్రమే పోవాలి. కొత్త నియమంతో ఒక్క నొక్కుకి "స్త్రీ" మొత్తం చెరిగిపోయింది. రావత్తు ఒక్కటే తప్పుపడినవాళ్లు మళ్లీ మొదటి నుంచి కొట్టుకోవాలి. లెక్కపెట్టడానికి సరైన నియమం చెరపడానికి సరైనది కాదన్నమాట. లైబ్రరీలో దీనికి రెండు వేర్వేరు ఫంక్షన్లు ఉండాలి. ఆ సంగతి లైబ్రరీ విడుదలై, కీబోర్డు దాన్ని తీసుకుని, వాడేవాళ్లు విసుక్కున్నాక బయటపడింది. నాలుగూ ఒకే రెపోలో ఉంటే, లైబ్రరీని మార్చిన పుల్ రిక్వెస్ట్‌లోనే కీబోర్డు టెస్టు ఫెయిలయ్యేది. విడుదలకు ముందే, ఆ మార్పు చేసిన మనిషి కళ్లముందే.

ఏవి లోపలికి, ఏవి బయట

ఈ అనుభవం తర్వాత పాత ఇష్యూలన్నీ ముందేసుకుని ఒకే ప్రశ్న వేసుకున్నాం: ఈ పని పూర్తి కావడానికి ఎన్ని రెపోలను ముట్టుకోవాల్సి వచ్చింది? లైబ్రరీ, గళ్లనుడికట్టు, నిఘంటువు, కీబోర్డు ఎప్పుడూ గుంపుగానే వచ్చాయి. "ఆ రెపోలోది విలీనమయ్యాక దీన్ని చూద్దాం" అన్న వ్యాఖ్యతో ఆగిపోయిన పుల్ రిక్వెస్టులు వాటిలోనే ఎక్కువ. రివ్యూ చేసేవాళ్లు కూడా నాలుగింటికీ వాళ్లే.

విడి రెపోల్లో నిజమైన లాభం ఒకటుంది. లైబ్రరీ మారినా, కొత్త వెర్షన్ తీసుకోవాలా వద్దా, ఎప్పుడు తీసుకోవాలి అన్నది వాడేవాళ్ల ఇష్టం. వేర్వేరు బృందాలు, వేర్వేరు విడుదల తేదీలు ఉన్నచోట ఆ స్వేచ్ఛను తీసేస్తే పనులు ఆగిపోతాయి. మన నాలుగింటిలో ఆ స్వేచ్ఛను ఎవరూ వాడుకోవడం లేదు. అందరూ చివరికి కొత్త వెర్షనే తీసుకుంటారు, కాకపోతే ఆలస్యంగా. అందుకే వాటిని కలిపాం.

ఫాంటు రెపోను కలపలేదు. దాని మీద పనిచేసేవాళ్లు వేరు, లైసెన్సు వేరు, విడుదలలు అరుదు. కోడ్‌తో కలిసి మారిన సందర్భం ఒక్కటీ కనబడలేదు. సభ్యత్వాల రెపో కూడా బయటే ఉంది. దాని గురించి మాత్రం చర్చకే తావు లేదు. గిట్‌లో ఒక ఫోల్డర్‌ను కొందరికే చూపించి మిగతావాళ్లకు దాచడం కుదరదు. రెపో తెచ్చుకున్నవాళ్లకు అందులోది అంతా, పాత చరిత్రతో సహా అందుతుంది. సభ్యుల ఫోన్ నంబర్లున్న చోటుకి బయటి వాలంటీర్లను రానివ్వలేం. మూడోది ఆండ్రాయిడ్ కీబోర్డు, దాని సంగతి చివర్లో చెబుతాను.

చర్చలో గూగుల్ ప్రస్తావన చాలాసార్లు వచ్చింది. 2015 జనవరి నాటికి గూగుల్ ఒకే రెపోలో 86 టెరాబైట్ల సమాచారం, సుమారు 200 కోట్ల లైన్ల కోడ్ ఉంచింది. అది గిట్ కాదు, వాళ్లు సొంతంగా కట్టుకున్న పైపర్. మైక్రోసాఫ్ట్ 2017లో విండోస్ కోడ్‌ను గిట్‌లోకి తెచ్చినప్పుడు అది 35 లక్షల ఫైళ్లు, 300 జీబీ ఉంది. మామూలు గిట్ ఆ భారం మోయలేక, అవసరమైన ఫైళ్లనే తెచ్చిచ్చే ఫైల్ సిస్టమ్ ఒకటి ప్రత్యేకంగా రాసుకున్నారు. ఆ ఇబ్బందులేవీ మనకు లేవు, కాబట్టి ఆ పనిముట్లూ అక్కర్లేదు. బేజెల్ లాంటి బిల్డ్ వ్యవస్థ వద్దనుకున్నది కూడా అందుకే. నాలుగూ జావాస్క్రిప్టులోనే ఉన్నాయి, pnpm వర్క్‌స్పేస్ చాలు.

చరిత్ర పోకుండా కలపడం

ఫైళ్లు కాపీ చేసి పెట్టేస్తే ఒక పూటలో అయిపోయేది. కానీ ఏ లైను ఎవరు, ఎందుకు రాశారో చెప్పే చరిత్ర పోతుంది. అందులో మన పాత వాలంటీర్ల శ్రమ ఉంది. అందుకని ప్రతి రెపోనూ తాజాగా క్లోన్ చేసి, చరిత్ర మొత్తాన్నీ ఒక ఉపఫోల్డర్‌లోకి జరిపాం:

```
git filter-repo --to-subdirectory-filter packages/keyboard \
  --tag-rename '':'keyboard-'
```

తర్వాత కొత్త రెపోలో:

```
git remote add keyboard ../keyboard
git fetch keyboard --tags
git merge --allow-unrelated-histories keyboard/main
```

నాలుగు రెపోల్లోనూ `v1.0.0` అనే ట్యాగు ఉంది. పేరు మార్చకపోతే ఒకదానితో ఒకటి గొడవపడతాయి, అందుకే ట్యాగుల ముందు రెపో పేరు చేర్చాం. ఇంకో చిక్కు కమిట్ సందేశాల్లో ఉంది. పాత సందేశంలో `#12` అని ఉంటే, కొత్త రెపోలో అది కొత్త 12వ ఇష్యూకి లింకవుతుంది, దానికీ దీనికీ సంబంధమే ఉండదు. `--replace-message` తో వాటిని పాత రెపో పేరుతో సహా పూర్తి రూపంలోకి మార్చాం. కమిట్ల హ్యాష్‌లు ఎలాగూ మారిపోతాయి. పాత లింకులు చెడకూడదని పాత రెపోలను తొలగించకుండా, చదవడానికి మాత్రమే ఉండేలా ఆర్కైవ్ చేశాం.

టెస్టులు: అసలు పని ఇక్కడే ఉంది

రెపోలు కలపడం రెండు వారాంతాల పని. టెస్టులను సరిగ్గా నడిపించడానికే ఎక్కువ కాలం పట్టింది.

గిట్‌హబ్ యాక్షన్స్‌లో `paths` ఫిల్టర్ పెట్టి, కీబోర్డు ఫోల్డర్ మారితేనే కీబోర్డు టెస్టులు నడిచేలా చేయవచ్చు. చాలామంది ముందు చేసేది అదే. అలా చేస్తే లైబ్రరీ ఫోల్డర్ మాత్రమే మారినప్పుడు కీబోర్డు టెస్టులు నడవవు. బ్యాక్‌స్పేస్ లాంటి లోపం మళ్లీ తప్పించుకుంటుంది, ఇక కలిపిన ప్రయోజనమే లేదు. ఏ ఫోల్డర్ మారిందన్నది కాక, మారినదాని మీద ఎవరెవరు ఆధారపడ్డారన్నది చూడాలి. pnpm కి అది తెలుసు:

```
pnpm --filter "...[origin/main]" test
```

ముందున్న మూడు చుక్కలే ఇందులో కీలకం. మారిన ప్యాకేజీలతో పాటు వాటిని వాడే ప్యాకేజీలనూ అవి లాక్కొస్తాయి. ఇది పనిచేయాలంటే `main` తో పోల్చుకోవడానికి చరిత్ర ఉండాలి. యాక్షన్స్ మామూలుగా ఒక్క కమిట్‌నే తెస్తుంది కాబట్టి `fetch-depth: 0` ఇవ్వాలి. మూల ఫోల్డర్‌లోని సెట్టింగులు, లాక్‌ఫైలు మారితే మాత్రం ఈ లెక్కలన్నీ వదిలేసి అన్ని టెస్టులూ నడుపుతున్నాం.

రెండో చిక్కు చూడ్డానికి వింతగా ఉంటుంది. ఒక టెస్టు పాసైతేనే విలీనం చేయాలని నియమం పెట్టుకుని, ఆ టెస్టున్న వర్క్‌ఫ్లోకి `paths` ఫిల్టర్ కూడా పెట్టామనుకోండి. ఫిల్టర్ వల్ల వర్క్‌ఫ్లో అసలు మొదలవకపోతే గిట్‌హబ్ దాన్ని పాసైనట్టు లెక్కవేయదు, ఎదురుచూస్తూ ఉండిపోతుంది. README లో అచ్చుతప్పు దిద్దిన పుల్ రిక్వెస్ట్ కూడా రోజుల తరబడి కదలదు. అదే వర్క్‌ఫ్లో మొదలై, అందులోని జాబ్ ఒకటి `if` షరతు వల్ల తప్పుకుంటే పాసైనట్టే లెక్క. అందుకని మన వర్క్‌ఫ్లో ప్రతిసారీ మొదలవుతుంది, ఏ టెస్టులు నడపాలో లోపల తేల్చుకుంటుంది.

లైబ్రరీని బయటివాళ్లు కూడా వాడుతున్నారు కాబట్టి npm విడుదలలు ఆగవు. విడుదల చేసేవాళ్లకు ఒక మాట: `npm publish` వాడకండి, `pnpm publish` వాడండి. లోపల మనం రాసుకునే `workspace:*` ను pnpm అసలు వెర్షన్ నంబరుగా మారుస్తుంది, npm మార్చదు. మార్చకుండా వెళ్లిన ప్యాకేజీని దించుకునేవాళ్లకు ఇన్‌స్టాల్ దగ్గరే ఎర్రర్ వస్తుంది.

కలపడం వల్ల కొన్ని ఇబ్బందులూ వచ్చాయి. కీబోర్డు మీద మాత్రమే ఆసక్తి ఉన్నవాళ్లకు నిఘంటువు నోటిఫికేషన్లు కూడా వచ్చి పడుతున్నాయి. `CODEOWNERS` ఫైలుతో ఏ ఫోల్డర్ రివ్యూ ఎవరికి వెళ్లాలో సరిచేశాం గానీ, రెపోను వాచ్ చేసేవాళ్లకు అన్నీ వస్తూనే ఉంటాయి. ఇష్యూలకు లేబుళ్లు పెట్టి కొంత తగ్గించాం.

సర్వసభ్య సమావేశం తేల్చాల్సింది

ఆండ్రాయిడ్ కీబోర్డును కూడా ఇందులోకి తేవాలని ప్రతిపాదన వచ్చింది. అది కాట్లిన్‌లో ఉంది, అక్షరాల నియమాలకు తనదైన కోడ్ ఉంది. తెస్తే రెండు భాషల బిల్డ్ చూసుకోవాలి, పైన చెప్పిన pnpm లెక్కలు దానికి పనికిరావు. రెండు కీబోర్డులూ ఒకే మాటను ఒకేలా చెరపాలన్నదే మన అవసరమైతే, కోడ్ కలపనక్కర్లేదని విభాగం అభిప్రాయం. "స్త్రీ", "శాస్త్రం" లాంటి మాటలూ, వాటికి రావాల్సిన ఫలితాలూ ఉన్న JSON ఫైలు ఒకటి లైబ్రరీతో పాటు విడుదల చేస్తాం. రెండువైపులా టెస్టులు దాన్నే చదువుతాయి. వచ్చే ఏడాది ఈ పద్ధతి నడిపి, ఆండ్రాయిడ్ వైపు మార్పులు కూడా లైబ్రరీతో గుంపుగానే వస్తున్నాయని ఇష్యూల్లో తేలితే అప్పుడు కలిపే విషయం చూద్దాం. దీనికి మీ ఆమోదం కోరుతున్నాం.

— సాంకేతిక విభాగం తరఫున