రాసిచ్చినా ఆగని 436 రూపాయలు: కేంద్ర ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

మా అమ్మ ఖాతాలో బీమా ప్రీమియం కోత ఆపమని మీ శాఖకు, బ్యాంకు ప్రాంతీయ కార్యాలయానికి పెట్టుకున్న అర్జీలకు జవాబు లేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మా అమ్మకు రెండు బ్యాంకుల్లో ఖాతాలున్నాయి. ఒకటి ఉపాధి హామీ కూలి డబ్బులకు, రెండోది డ్వాక్రా లోనుకు. ఏటా 436 రూపాయలు కట్ అయ్యే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా రెండింట్లోనూ అంటగట్టారు. లోను కాగితాల మధ్య దేనిమీద సంతకం పెట్టించారో ఆవిడకు తెలియదు. ఎన్ని ఖాతాల్లో కట్టినా మనిషి పోతే వచ్చేది 2 లక్షలే, రెండోచోట కట్టింది పోయినట్టేనని మీ నిబంధనల్లోనే ఉంది. మీకు నేను చెప్పాలా!

అందుకే డ్వాక్రా ఖాతా ఉన్న బ్రాంచికి మే మొదట్లోనే రాసిచ్చాం. ఖాతా నంబరు, పథకం పేరు, నిరుడు 436 రూపాయలు కట్ అయిన తేదీ, ఇకమీదట ఆటో డెబిట్‌కు మా సమ్మతి లేదన్న మాట, కింద అమ్మ సంతకం. అదే ఖాతాలో ఉన్న 20 రూపాయల ప్రమాద బీమా మాత్రం ఉంచమని విడిగా రాశాం. లేకపోతే రెండూ తీసేసి చేతులు దులుపుకుంటారు.

కౌంటర్లో ఆయన "యాప్‌లో చేసుకోండమ్మా" అన్నాడు. అమ్మది బటన్ ఫోను. తర్వాత బీమా కంపెనీని అడగమన్నారు. వాళ్లేమో కట్ చేసేది బ్యాంకే కదా అన్నారు. చివరికి పట్టుబడితే రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేశారు. లోపల ఇంకో ఆఫీసరు ఎంతో దయతో సలహా ఇచ్చారు: "మే ఆఖర్లో ఖాతాలో డబ్బుల్లేకుండా చూసుకోండి, అదే ఆగిపోతుంది." పేదవాళ్లకు ఖాతా ఖాళీగా ఉంచుకోవడం నేర్పాలా అండీ? ఆ పని మాకు ముందే వచ్చు.

మే 25 దాటాక పాస్‌బుక్ ప్రింట్ చేయిస్తే PMJJBY అని వరస, పక్కన 436. అడిగితే ప్రీమియం కంపెనీకి వెళ్లిపోయింది, ఇక రాదన్నారు. ముద్ర వేసిన కాగితం చూపిస్తే, అది పైకి పంపాం అన్నారు. పైన ఎవరున్నారో తమరికే తెలియాలి.

చేరేటప్పుడు ఇచ్చే ఫారంలో, నేను తిరిగి చెప్పేదాకా ఏటా మినహాయించుకోవచ్చు అని ఉంటుంది. తిరిగి చెప్పాం కదా, రాతపూర్వకంగా! చేరడానికి ఒక్క పేజీ, తెలుగులో, అక్కడే సంతకం. మానుకోవడానికి మాత్రం ఫారం లేదు, రసీదు లేదు, ఫలానా తేదీ నుంచి ఆపాం అని చెప్పే నాథుడు లేడు. కార్డు మీద ఏటా కట్టే చందాకైతే 24 గంటల ముందు సందేశం రావాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన పెట్టింది. మా అమ్మకు కట్ అయ్యాక కూడా ఏమీ రాలేదు.

30 రోజులు ఆగి, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేసుకోమంటారేమో. చేస్తాం, ముద్ర పడ్డ కాపీ ఉంది కాబట్టి. అది లేనివాళ్ల మాటేమిటి?

రద్దు ఫారం ప్రతి బ్రాంచిలో పెట్టించండి. ఆపామని రాసివ్వమనండి. రాసిచ్చాక కట్ చేసింది తిరిగి జమ చేయించండి. వచ్చే మేలోపు ఏదో ఒకటి చేయించండి మహాప్రభో!

ఇట్లు,
ఒక డ్వాక్రా సభ్యురాలి కొడుకు