ఆడిట్‌కి ముందు దుబాసీ చేతిలో పెట్టే కాగితం

ఒరేయ్ మామా,

బయ్యర్లు మీ బట్టల ఫ్యాక్టరీ ఆడిట్‌కి వచ్చే రోజు ఇంటర్‌ప్రెటర్ చేతిలో పెడదామని నువ్వు పంపిన డ్రాఫ్టు మొత్తం చదివాను. 14 పేజీలు బాగానే రాయించావు గానీ, అందులో ఇంటర్‌ప్రెటర్‌కి పనికొచ్చేది పేజీన్నర కూడా లేదు. కంపెనీ చరిత్ర, ఛైర్మన్ గారి సందేశం, సర్టిఫికెట్ల జాబితా ఇవన్నీ బయ్యర్లకి ఎప్పుడో మెయిల్లో వెళ్లిపోయి ఉంటాయి. ఆవిడ నిలబడాల్సింది మీ కుట్టు లైన్ల మధ్య, ఆ మోతలో. ఒక పక్క సూపర్‌వైజర్ గబగబా చెప్పేస్తుంటాడు, ఇంకో పక్క బయ్యర్ పెన్ను పట్టుకుని ఎదురుచూస్తుంటాడు. అప్పుడు పేజీలు తిరగేసే టైం ఎక్కడిది? ఒకే ఒక్క ఏ4 కాగితం, రెండు వైపులా, కాస్త పెద్ద అక్షరాల్లో తయారు చెయ్యి. అట్టకి క్లిప్ పెట్టి ఇవ్వు. మిగతాదంతా విడిగా పంపు, ఓపిక ఉంటే చదువుకుంటుంది.

ముందు వైపు నడిచే వరుస రాయి. స్టోర్, కటింగ్, కుట్టు లైన్లు, చెకింగ్, ఐరన్, ప్యాకింగ్. ఒక్కో చోట ఎవరు మాట్లాడతారు, వాళ్ల పని ఏంటి, అక్కడ మోత ఎంత అన్నది రెండు భాషల్లోనూ ఉంటే చాలు. కుట్టు హాల్లోకి వెళ్లాక ఎవరి మాటా ఎవరికీ వినపడదు కాబట్టి, తలుపు బయటే ఆగి లైన్ గురించి చెప్పాల్సింది చెప్పేసి లోపలికి వెళ్లేలా ప్లాన్ చెయ్యి. ముందు వైపుకి అంతకంటే అక్కర్లేదు.

అసలు సంగతంతా వెనక వైపే. అక్కడ మూడు గళ్లు గీయి. మొదటి గడిలో మీ వాళ్లు నోటితో అనే మాట, రెండో దాంట్లో ఆడిట్‌లో వాడే ఇంగ్లీషు మాట, మూడో దాంట్లో దాని అసలు అర్థం ఒక్క వాక్యంలో. నీ డ్రాఫ్టులో చివర ఒక పదాల పట్టిక ఉంది, చూశాను. ఆఫీసులో కూర్చుని డిక్షనరీ ముందేసుకుని రాసినట్టుంది. 'సూది భంగ నివేదిక' అని ఏ ఆపరేటరైనా అంటుందా చెప్పు? చెకింగ్ టేబుల్ దగ్గర ఒక గంట, ఫినిషింగ్‌లో ఒక గంట నిలబడి, వాళ్లు ఏమంటున్నారో అదే రాసుకో. ఇరవై, పాతిక మాటలు దాటవు.

అందులో ముందు రాయాల్సింది 'ఆల్టర్'. మీ చెకింగ్ అమ్మాయిని బయ్యర్ అడుగుతాడు, రోజుకి ఎన్ని లోపాలు వస్తాయని. ఆ అమ్మాయి నిజాయితీగా 'నలభై ఆల్టర్లు వస్తాయి సార్' అంటుంది. ఆల్టర్ అంటే మనకి తెలుసు, కుట్టు విప్పి మళ్లీ వేసి సరిచేసే పీసు. సరిచేశాక అది మంచి పీసే. గార్మెంట్ పని తెలియని ఇంటర్‌ప్రెటర్ దాన్ని రిజెక్ట్ అనేసిందనుకో. లైన్ రోజుకి 800 పీసులు తీస్తుంటే 40 రిజెక్ట్ అంటే 5 శాతం. బయ్యర్ అక్కడితో ఆగడు. 'మా బ్రాండ్ లేబుల్ ఉన్న ఆ 40 పీసులు ఎక్కడున్నాయి? లేబుల్ కత్తిరించి పారేసినట్టు రికార్డు చూపించండి' అంటాడు. ఆ పీసులు అసలు పారేయనే లేదు కాబట్టి రికార్డు ఉండదు. మీ క్వాలిటీ మేనేజర్ మొహం చూసి వాళ్లకి అనుమానం ఇంకా పెరుగుతుంది. కాబట్టి మూడో గడిలో 'సరిచేసి మళ్లీ చెకింగ్‌కి వచ్చే పీసు, పారేసేది కాదు' అని రాయి. దాని కిందే రిజెక్ట్‌ని విడిగా పెట్టు.

ఇంతకంటే డేంజరు మాట ఒకటుంది. నువ్వు ఊహించి కూడా ఉండవు. 'పిల్లలు'! ఒక ఫ్యాక్టరీలో నా కళ్లముందే జరిగింది. సూపర్‌వైజర్ పెద్దావిడ, మనిషి మంచిది, తన లైన్ అంటే ప్రాణం. బయ్యర్లు లైన్ దగ్గరికి రాగానే మురిసిపోతూ 'మా లైన్లో పిల్లలు చాలా స్పీడండీ' అంది. ఇంటర్‌ప్రెటర్ ఉన్నది ఉన్నట్టు 'చిల్డ్రన్' అనేసింది. బయ్యర్ పెన్ను ఆగిపోయింది. ఆ తర్వాత ఆ లైన్లో ఉన్న అందరి వయసు పత్రాలూ బయటికి తీశారు, మధ్యాహ్నం దాకా ఇంకో పని జరగలేదు. అందరూ పెద్దవాళ్లే, కాగితాలు కూడా సరిగ్గానే ఉన్నాయి, గండం గడిచింది.

దీన్ని షీట్‌లో రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త. 'పిల్లలు అంటే కార్మికులు' అని రాసేశావంటే, రేపు ఎక్కడైనా నిజంగా చిన్నపిల్లే కనిపిస్తే ఆ కాగితం దాన్ని కప్పిపెట్టినట్టవుతుంది. ఆడిటర్ చేతిలో పడితే ఏమంటాడో నీకు తెలుసు. అందుకే నేనైతే ఇలా రాస్తాను: 'సూపర్‌వైజర్లు తమ టీంని ఇలా పిలుస్తారు. వయసు గురించిన మాట కాకపోవచ్చు. అనువదించే ముందు చెప్పినవాళ్లనే అడగండి.' అర్థం తేల్చుకునే పని ఆవిడకి వదిలెయ్యాలి, జవాబు మనం ముందే రాసిపెట్టకూడదు. అలాగే మీ సూపర్‌వైజర్లకి కూడా ఆ రోజుకి 'ఆపరేటర్లు' అనమని చెప్పు, సగం గొడవ అక్కడే పోతుంది. 'డబుల్' కూడా ఇలాంటిదే. ఒకరు ఓటీకి డబుల్ జీతం అనే ఉద్దేశంతో అంటారు, ఇంకొకరు డబుల్ షిఫ్ట్ చేశానని అంటారు. రెండిటికీ ఆడిట్‌లో ఎంత తేడానో వేరే చెప్పక్కర్లేదు.

ఇక సూదుల సంగతి. బట్టల బయ్యర్ ఎవరొచ్చినా, అందులోనూ చిన్నపిల్లల బట్టలైతే, సూది విరిగితే ఏం చేస్తారని ఏదో ఒక మెషీన్ దగ్గర ఆగి ఆపరేటర్‌నే అడుగుతాడు. ఇక్కడ ఒక్కో పదానికి అనువాదం ఇస్తే లాభం లేదు, పని వరుస మొత్తం రాసివ్వాలి. ఆపరేటర్ టెన్షన్‌లో ముందుది వెనక, వెనకది ముందు చెబుతుంది. వరుస ముందే తెలిసిన ఇంటర్‌ప్రెటర్ అయితే ఏ ముక్క ఎక్కడిదో పోల్చుకుని, వినపడనిది మళ్లీ అడిగి, అన్నది అన్నట్టు అందిస్తుంది. తెలియనావిడ వినపడినంతే చెప్పి ఊరుకుంటుంది. మా దగ్గర రాసింది ఇలా ఉంటుంది: సూది విరగగానే మెషీన్ ఆపాలి, చేతిలో ఉన్న పీసు, పక్కనున్న బండిల్ కదపకూడదు, సూపర్‌వైజర్‌ని పిలవాలి, విరిగిన ముక్కలన్నీ వెతికి పూర్తి సూది అయ్యిందో లేదో పక్కపక్కన పేర్చి చూడాలి, వాటిని తేదీ, లైన్, మెషీన్ నంబర్‌తో రిజిస్టర్‌లో టేపుతో అంటించాలి, ఆ తర్వాతే కొత్త సూది. ముక్క దొరక్కపోతే ఆ బండిల్ పక్కకి పెట్టి మెటల్ డిటెక్టర్‌లో వెయ్యాలి. ఇది మీ ఫ్యాక్టరీలో ఎలా జరుగుతుందో అలాగే రాయి, మాది చూసి కాపీ కొట్టకు. షీట్‌లో ఒకటుండి రిజిస్టర్‌లో ఇంకొకటుంటే బయ్యర్ రిజిస్టర్‌నే నమ్ముతాడు.

అంకెల దగ్గర కూడా తడబాటు బాగా వస్తుంది. మీ జీఎం నెలకి 'లక్షన్నర పీసులు' అంటాడు. అలసిపోయిన ఇంటర్‌ప్రెటర్ నోట్లోంచి అది వన్ పాయింట్ ఫైవ్ మిలియన్ అయి ఊడిపడుతుంది, పది రెట్లు! ఉన్న మెషీన్లకి ఆ ఉత్పత్తి ఎలా కుదురుతుందని బయ్యర్ లెక్క వేసి, బయట ఎక్కడో రహస్యంగా కుట్టిస్తున్నారని అనుమానిస్తాడు. అందుకే మీరు చెప్పబోయే పెద్ద అంకెలన్నీ సున్నాలతో సహా 150,000 అని రాసిపెట్టు. ఎదురుగా ఇంగ్లీషులో ఎలా పలకాలో కూడా. తేదీల్లో నెలని అక్షరాల్లో రాయి. 05/06 అంటే జూన్ 5 అనేవాళ్లూ ఉన్నారు, మే 6 అనేవాళ్లూ ఉన్నారు. మీ వాళ్లు కుట్ల లెక్క అంగుళానికి చెబుతారు కదా, వచ్చేవాళ్లు సెంటీమీటర్ల మనుషులైతే అది కూడా పక్కన వెయ్యి. అంగుళానికి 10 కుట్లంటే సెంటీమీటరుకి దాదాపు 4.

ఏక్యూఎల్ గురించి ఒక్క ముక్క, అదే, లాట్‌లోంచి కొన్ని పీసులు తీసి చూసి ఎన్ని లోపాల వరకు పాస్ అని తేల్చే లెక్క. నీ పట్టికలో '2.5 శాతం లోపాలు అనుమతి' అని ఉంది, అది కొట్టెయ్యి. మామూలుగా వాడే జనరల్ లెవెల్ 2లో, 3,000 పీసుల లాట్‌కి 125 పీసులు తీస్తారు. మేజర్ లోపాలకి 2.5 పెట్టుకుంటే 7 వరకు పాస్, 8 వస్తే ఫెయిల్. 125లో 2.5 శాతం అంటే మూడే కదా, మరి 7 ఎలా పాస్ అవుతోంది అని ఇంటర్‌ప్రెటర్ అక్కడే తికమకపడి మీ మాట తప్పనుకుని సరిదిద్దేస్తుంది. కాబట్టి శాతం ఊసు ఎత్తకుండా '125 తీస్తాం, 7 వరకు పాస్, 8కి ఫెయిల్' అని మాత్రమే రాయి.

ఇప్పుడు తిట్టాల్సిన సంగతి. 9వ పేజీలో 'కార్మికులను అడిగితే చెప్పవలసిన సమాధానాలు' అని పెట్టారు. ఎవరు రాశారో గానీ ఆ పేజీ ఇవాళే తీసేయించు, కంప్యూటర్‌లోంచి కూడా. కార్మికులకి జవాబులు నేర్పించారన్నది ఆడిట్‌లో మిగతా చాలా లోపాలకంటే చెడ్డది. అలాంటి కాగితం ఒకటి బయటపడితే మీరు నిజం చెప్పినవి కూడా నమ్మరు. ఇంకోటి, ఆవిడ ఫీజు మీరే ఇస్తున్నారు కాబట్టి, కార్మికులతో ఆడిటర్ విడిగా మాట్లాడే గదిలోకి ఆవిడ వెళ్లకపోవడమే మంచిది. అక్కడికి వాళ్ల తరఫు మనిషిని తెచ్చుకోమని ఇప్పుడే మెయిల్ పెట్టు. ఆ మెయిల్‌తోనే ఈ షీట్ కాపీ ఒకటి బయ్యర్లకి కూడా పంపెయ్యి. వాళ్లకి చూపించలేని వాక్యం ఏదైనా అందులో ఉందీ అంటే, అది ఉండాల్సింది కాదన్నమాట.

షీట్ ఆవిడకి కనీసం నాలుగైదు రోజుల ముందు చేరాలి. పంపి ఊరుకోకుండా ఒక అరగంట ఫోన్లో కూర్చో. నువ్వు ఫ్లోర్ మాటల్లో చెప్పు, ఆవిడని ఇంగ్లీషులో చెప్పమను. ఎక్కడ తడుముకుంటే అక్కడ మూడో గడి వాక్యం మార్చాలి. కుదిరితే ముందురోజు ఒకసారి ఫ్లోర్ మీద నడిపించు, విరిగిన సూదుల రిజిస్టర్, మెటల్ డిటెక్టర్ కళ్లారా చూస్తే ఆవిడకి ధైర్యంగా ఉంటుంది. అన్నట్టు, మీటింగ్‌లో మీ జీఎం గారిని రెండేసి వాక్యాలకి ఒకసారి ఆగమని ముందే చెప్పి ఉంచు. ఆయన మొదలుపెడితే ఆగడు కదా. ఇంటర్‌ప్రెటర్ రాసుకునేలోపు సగం ఎగిరిపోతుంది.

వెనక వైపు పూర్తయ్యాక ఫోటో తీసి పంపు, రాత్రికి చూసి చెబుతాను. చెకింగ్, ఫినిషింగ్ వాళ్ల దగ్గర నాకు తెలియని మాటలేమైనా దొరికితే అవి ముందు పంపు.

ఉంటాను మరి,
నీ మామ